సీలెంట్ పోసినా గాలి ఎందుకు పోతుంది? కోరాపుట్ కొండదారుల్లో ట్యూబ్‌లెస్ చక్రం

కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మౌంటెన్ బైక్ తొక్కే తెలుగువాళ్లలో ట్యూబ్‌లెస్‌కు మారినవారికి ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. టైరులో రంధ్రాలు మూసే ద్రవం, అంటే సీలెంట్ ఉంటుంది, ముల్లు ఎక్కడా కనబడదు, అయినా తెల్లారేసరికి టైరు మెత్తబడి ఉంటుంది. వెంటనే చేసే పని ఇంకో 50 మిల్లీలీటర్లు పోయడం. కొన్నిసార్లు దాంతో సర్దుకుంటుంది, చాలాసార్లు సర్దుకోదు. కారణం, సీలెంట్ బాగా చేయగలిగిన పని ఒక్కటే. టైరు రబ్బరులో పడిన చిన్న రంధ్రాన్ని అది మూస్తుంది. టైరు లోపలి అంచు, అంటే బీడ్, రిమ్ము మీద కూర్చోవడం, రిమ్ము టేపు అంటుకోవడం, వాల్వు అడుగు బిగిసి ఉండటం దాని చేతిలో లేవు. గాలి ఎటు పోతోందో తేలనిదే ఏ మరమ్మతూ నిలవదు.

ఈ సంగతి ట్యూబ్‌లెస్ పుట్టుకలోనే ఉంది. 1999లో మావిక్ తెచ్చిన యూఎస్‌టీ పద్ధతిలో సీలెంట్ తప్పనిసరి కాదు. రిమ్ము లోపలి తలంలో స్పోకు రంధ్రాలే ఉండేవి కావు. టైరు గోడలు మందంగా, గాలి చొరకుండా ఉండేవి. బీడ్, రిమ్ము ఒకదానికొకటి గట్టిగా అమరేవి. దాంతో బరువు పెరిగింది. తర్వాత వచ్చిన ‘ట్యూబ్‌లెస్ రెడీ’ టైర్లు గోడలు పలచన చేసి బరువు తగ్గించాయి, ఆ గోడల సన్నని సందులు మూసే పనిని సీలెంట్‌కు అప్పగించాయి. మామూలు రిమ్ములోని స్పోకు రంధ్రాలను టేపు మూస్తోంది. అంటే ఇప్పటి చక్రంలో గాలిని ఆపేవి నాలుగు: బీడ్, టేపు, వాల్వు, సీలెంట్. మొదటి మూడూ బిగింపు మీద ఆధారపడేవే.

అమర్చేటప్పుడు ఎక్కువ తప్పులు జరిగేది టేపు దగ్గర. టేపు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. 30 మిల్లీమీటర్ల రిమ్ముకు 32 లేదా 33 మిల్లీమీటర్ల టేపు సరిపోతుంది. మధ్యలో పల్లంగా ఉండే కాలువలోకి టేపు దిగి, రెండు పక్కల బీడ్ కూర్చునే అంచుల దాకా పాకాలి. ఆ అంచు మీద టేపు లేకపోతే బీడ్ కింద నుంచి గాలి స్పోకు రంధ్రాల్లోకి దారి చూసుకుంటుంది. అతికించే ముందు రిమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. టేపును గట్టిగా లాగి పట్టుకుంటూ చుట్టాలి, మొదలును దాటి ఒక జానెడైనా ఒకదాని మీద ఒకటి పడాలి. వాల్వు రంధ్రాన్ని చాకుతో కోస్తే ఆ కోత మూలల నుంచి టేపు చిరగడం మొదలవుతుంది. వేడి చేసిన సన్నని మేకుతో పొడిస్తే రంధ్రం గుండ్రంగా, అంచు కరిగి గట్టిగా వస్తుంది. వాల్వు మీది గుండ్రటి నట్టును వేళ్లతోనే బిగించాలి. కటింగ్ ప్లయరుతో బిగిస్తే, కొండ మీద ట్యూబు వేయాల్సి వచ్చినప్పుడు అది ఊడదు.

బీడ్ కూర్చోబెట్టడానికి ఇక్కడి బైకు పంక్చరు షాపుల కంప్రెసరు బాగా పనికొస్తుంది. అయితే అక్కడి గొట్టం మోటారుసైకిల్ వాల్వుకు సరిపడేది. సన్నటి ప్రెస్టా వాల్వుకు ఒక చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి, అది జేబులో లేకపోతే షాపు ఉన్నా ఉపయోగం లేదు. ఒకసారి ఎక్కువ గాలి దూసుకెళ్లాలంటే వాల్వు లోపల గాలిని ఆపే కోరును విప్పేసి నింపడం మేలు, అప్పుడు గొట్టం కొసను వాల్వుకు చేత్తో అదిమి పట్టాలి. షాపు మనిషి అలవాటుగా మోటారుసైకిల్ ఒత్తిడికి పంపితే టైరు ఎగిరి రిమ్ము నుంచి ఊడవచ్చు, అందుకని టైరు గోడ మీద రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడి దాటనివ్వకూడదు. సాధారణంగా 30, 35 పీఎస్‌ఐ దగ్గరే టప్ టప్ మని రెండు మూడు చప్పుళ్లు వస్తాయి. గోడ మీద రిమ్ముకు ఆనుకుని ఉండే సన్నని గీత చుట్టూ ఒకే ఎత్తులో కనబడితే బీడ్ కూర్చున్నట్టే. ఆ షాపుల్లో దొరికే ఆకుపచ్చ పంక్చరు ద్రవాన్ని మాత్రం పోయించుకోవద్దు. అది గ్లైకాల్‌లో పీచు కలిపిన రకం. సైకిలు సీలెంట్ రబ్బరుపాలు. రెండూ కలిస్తే లోపల ముద్ద కడతాయి.

సీలెంట్ ఎంతకాలం ఉంటుందన్నది అందరూ అడిగే ప్రశ్న. తయారీదారులు రెండు నుంచి ఆరేడు నెలలు అంటారు. ఇంత తేడా ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది చూడాలి. సీలెంట్ అంటే నీటిలో తేలే సన్నని రబ్బరు కణాలు, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపే అమ్మోనియా వంటి పదార్థం, రంధ్రంలో ఇరుక్కునే కొన్ని గట్టి రేణువులు. ముల్లు పీకగానే గాలి ఈ ద్రవాన్ని రంధ్రం దాకా తోసుకెళ్తుంది. అక్కడ రేణువులు అడ్డుపడతాయి, రబ్బరు గడ్డకట్టి బిరడాలా మూస్తుంది. టైరు గోడ గుండా నీరు రోజూ కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంటుంది. నీరు తగ్గిన కొద్దీ రబ్బరు లోపలి గోడకు పొరగా అంటుకుపోతుంది. చివరికి టైరులో రబ్బరు ఉంటుంది గాని రంధ్రం దాకా ప్రవహించడానికి ద్రవం ఉండదు.

కాబట్టి ఆయువును నిర్ణయించేవి వేడి, టైరు గోడ మందం, చక్రం ఎంత తిరుగుతోందన్నది. రాయగడ, గుణుపురం వైపు ఏప్రిల్, మే ఎండలో రేకుల షెడ్డు కింద ఉన్న సైకిలుకు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చూసుకోవడం మంచిది. అదే సీలెంట్ సిమిలిగుడ, పొట్టంగి చలికాలంలో మూడు నెలలు దాటి పనిచేయడం మామూలే. కొత్త టైరు మొదటి వారాల్లో ఎక్కువ తాగుతుంది, ఎందుకంటే గోడల సందులన్నీ అప్పుడే నిండాలి. 29 అంగుళాల చక్రం, 2.4 అంగుళాల టైరు అయితే మొదటిసారి 110, 120 మిల్లీలీటర్లు, తర్వాత ప్రతిసారీ 50, 60 మిల్లీలీటర్లు చాలు. సీసాను ప్రతిసారీ గట్టిగా ఊపాలి. రేణువులు అడుగున పేరుకుంటే టైరులోకి పోయేది చాలావరకు రేణువులు లేని ద్రవమే.

క్యాలెండరు కంటే టైరును అడగడమే నమ్మకం. గాలి తీసేసి, వాల్వును కిందికి కాస్త పక్కగా తెచ్చి, కోరు విప్పి, సన్నని కేబుల్ టై లోపలికి దించి చూస్తే తడి ఎంత ఎత్తుందో తెలుస్తుంది. కొసకు పాలలాంటి ద్రవం అంటితే సరే. జిగురు పోగులా సాగితే పని అయిపోవస్తోంది. పొడిగా వస్తే ఆ చక్రం ట్యూబు లేని మామూలు చక్రమే, మొదటి పల్లేరు కాయ దగ్గరే ఆగిపోతుంది. రెండు మూడుసార్లు నింపాక ఒకసారి టైరు విప్పి లోపల పేరుకున్న రబ్బరు ముద్దల్ని, ముఖ్యంగా బీడ్ అంచు వెంట అంటుకున్నవాటిని లాగేయాలి. ఆ ముద్దల మీద బీడ్ సమంగా కూర్చోదు, బర్ప్ కొట్టడానికి అదొక కారణం.

బర్ప్ అంటే పక్కనుంచి వచ్చిన బలానికి బీడ్ ఒక్క క్షణం రిమ్ము గోడను వదిలి, గాలి ‘బుస్’ మని పోయి, మళ్లీ కూర్చోవడం. మలుపులో రాతిమెట్టు మీద టైరు పక్కకు ఒరిగినప్పుడు, గెంతి వంకరగా దిగినప్పుడు ఇది జరుగుతుంది. రంధ్రం ఏదీ పడదు గనుక సీలెంట్ మూయాల్సిందేమీ ఉండదు. ఒత్తిడి మరీ తక్కువ కావడం, రిమ్ము అంచు సొట్టపోవడం, వెడల్పాటి రిమ్ము మీద సన్నని టైరు, బీడ్ దగ్గర ఇసుక, గడ్డకట్టిన సీలెంట్, ఇవి అసలు కారణాలు. గుర్తు స్పష్టంగా ఉంటుంది. రిమ్ముకు, టైరుకు మధ్య ఒకే చోట తడి చార కనబడుతుంది. కోరాపుట్ ఎర్రమట్టి దానికి అంటుకుని వేలెడు మేర ముదురు మరక అవుతుంది. నెమ్మదిగా పోయే గాలికి ఇలాంటి ఒక్క మరక ఉండదు. చాలా చోట్ల చెమట చుక్కల్లా ఉండొచ్చు, ఏమీ కనబడకపోవచ్చు కూడా.

ఇవన్నీ ఒకే రోజులో ఎలా కలుస్తాయో ఒక ఉదాహరణతో చూద్దాం. 70 కిలోల మనిషి, 30 మిల్లీమీటర్ల రిమ్ము, 2.4 అంగుళాల టైర్లు. ఫిబ్రవరి మధ్యాహ్నం సాలూరులో, 32 డిగ్రీల వేడిలో, వెనక 24, ముందు 21 పీఎస్‌ఐ పెట్టి, సైకిలును జీపు మీద వేసి సుంకి ఘాట్ ఎక్కించారు. రాత్రి సిమిలిగుడలో బస. తెల్లవారి 10 డిగ్రీల చలిలో గేజి పెడితే వెనక 22.5 చూపిస్తుంది. చాలామంది ఇక్కడే లీకు అని హడావుడి పడతారు. నిజానికి గాలి ఏమీ పోలేదు. చలికి లోపలి గాలి కుంచించుకుంది, అది మూడు పీఎస్‌ఐకి కొంచెం తక్కువ. సాలూరు నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తుకు రావడంతో బయటి వాతావరణ ఒత్తిడి తగ్గి, గేజి అంకె ఒకటికి పైగా పెరిగింది. రెండూ కలిస్తే ఒకటిన్నర తగ్గినట్టు కనబడింది. అదే చక్రాన్ని మధ్యాహ్నం 24 డిగ్రీల్లో దేవమాలి మీద, 1600 మీటర్ల ఎత్తులో చూస్తే 25 దాటుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన ఆ శిఖరం 1672 మీటర్లు. పొద్దున తగ్గిందని పైకి 24 చేసినవాడు శిఖరం దగ్గర 27 మీద, రాళ్ల మీద గెంతే గట్టి టైరుతో దిగుతాడు. తొక్కే చోట, తొక్కే వేళ ఒత్తిడి చూసుకుంటే ఈ గందరగోళం ఉండదు.

ఇక దిగుడు. శిఖరం కింద లాటరైట్ రాళ్ల మీద ఎడమ మలుపులో వెనక టైరు ‘బుస్’ మంటుంది. ఆగి చూస్తే కుడి పక్కన ఎర్ర మరక, గేజిలో 15. ముందుగా చేయాల్సింది పంపు తీయడం కాదు, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రిమ్ము అంచును బొటనవేలితో తడమడం. సొట్ట తగిలితే అక్కడ బీడ్‌కు ఆనుకోవడానికి గోడ సరిగా లేదన్నమాట, గాలి కొట్టినా మళ్లీ వదులుతుంది. సొట్ట లేకపోతే టైరును రెండు బొటనవేళ్లతో పక్కకు నెట్టి, సందులో ఇరుక్కున్న ఇసుకను నీళ్లతో కడగాలి. తర్వాత వాల్వును పైకి తెచ్చుకుని చేతిపంపుతో గాలి ఎక్కించాలి. వాల్వు కింద ఉంటే సీలెంట్ కోరులోకి చేరి గడ్డకడుతుంది. చేతిపంపుతో ఇంత టైరుకు పది పీఎస్‌ఐ ఎక్కించడం ఓపిక పని, కానీ బీడ్ కాలువలోకి జారకుండా అంచు మీదే ఉంటే తప్పకుండా అవుతుంది. ఈసారి పాత అంకె కంటే రెండు మూడు ఎక్కువ, అంటే 26, 27 పెట్టి మిగతా దారి దిగాలి. బర్ప్ కొట్టిన చక్రానికి అదే ఒత్తిడి మళ్లీ ఇస్తే అదే రాయి దగ్గర అదే జరుగుతుంది.

బీడ్ పూర్తిగా కాలువలోకి పడిపోతే చేతిపంపు గాలి సందులోంచి బయటికే పోతుంది. అప్పుడు కోరు విప్పి, టైరును చుట్టూ బయటికి లాగి అంచుకు దగ్గరగా తెచ్చి, సీఓటూ గుళిక వాడతారు. వాల్వు పైన ఉండేటట్టు పట్టుకుని కొట్టాలి. గుళికలోంచి వచ్చే వాయువు మంచులా చల్లగా ఉంటుంది, అది నేరుగా సీలెంట్‌ను తాకితే కొన్ని రకాలు గడ్డకడతాయి. పైగా సీఓటూ రబ్బరు గుండా మామూలు గాలి కంటే వేగంగా పోతుంది. ఇంటికొచ్చాక దాన్ని వదిలేసి గాలి నింపాలి, లేదంటే మర్నాటికి మెత్తబడిన టైరును చూసి లేని లీకు కోసం వెతకాల్సి వస్తుంది.

మన ఉదాహరణలో టైరు 26 పట్టింది. అర గంట తర్వాత 22 చూపించింది, దారిలో ఎక్కడా బుస్ మనలేదు. ఇప్పుడు ఇది బర్ప్ కాదు, నెమ్మది లీకు. ఇలాంటిదాన్ని వెతకడానికి కొండ మీద వాగు నీళ్లు, జేబులో సబ్బు ముక్క చాలు. పంక్చరు షాపువాళ్లు చేసేదే ఇది. మొదట వాల్వు కొస మీద తడి వేలు పెట్టాలి. అక్కడ బుడగ వస్తే కోరు వదులు, రెండు వేళ్లతో తిప్పితే సరి. తర్వాత ట్రెడ్డు మీద నీళ్లు పోస్తూ చక్రం తిప్పాలి. ఒక చోట సన్నని బుడగలు వస్తే అక్కడ ముల్లు విరిగి లోపలే ఉంది. రేగు ముల్లు, తుమ్మ ముల్లు ఇలా సగం విరుగుతాయి. దాన్ని పీకి ఆ చోటును కిందికి తెచ్చి, ద్రవం దాని మీదికి చేరేలా నిమిషంపాటు ఉంచితే తాజా సీలెంట్ మూసేస్తుంది. మూయకుండా చిమ్ముతూనే ఉంటే రంధ్రం పెద్దది, లేదా సీలెంట్ అయిపోయింది. ఆ పరిస్థితిలో బంక పూసిన సన్నని ప్లగ్గు పట్టీని సూదితో గుచ్చి, బయట నాలుగైదు మిల్లీమీటర్లు మిగిల్చి కోయాలి. మోటారుసైకిల్ ప్లగ్గు ఈ పలచని టైరుకు చాలా మందం, దాని సూది రంధ్రాన్ని ఇంకా చీలుస్తుంది.

ట్రెడ్డు, గోడ పొడిగా ఉండి వాల్వు అడుగున, రిమ్ము రంధ్రం చుట్టూ బుడగలు వస్తే, అక్కడే చాలామంది దారి తప్పుతారు. నట్టు ఇంకా బిగిస్తారు, ఆగదు, ప్లయరు తీస్తారు. అసలు తేడా స్పోకులను రిమ్ముకు బిగించే నిపుళ్ల దగ్గర తెలుస్తుంది. వాల్వు అడుగు రబ్బరు సరిగా ఆనకపోతే గాలి టేపు కింద నుంచి రిమ్ము బోలులోకి వెళ్లి ఎటైనా రావచ్చు. టేపు ఎక్కడో లేచినా అదే బోలులోకి వెళ్లి, అన్నిటికంటే పెద్ద రంధ్రమైన వాల్వు రంధ్రం గుండానే ఎక్కువగా బయటపడుతుంది. అంటే గాలి వచ్చే చోటు పోయే చోటు కాదు. నట్టు వేళ్లతో పావు చుట్టు బిగిస్తే బుడగలు తగ్గితే వాల్వే దోషి. మార్పు లేకుండా నిపుళ్లలో రెండు మూడు చోట్ల కూడా బుడగలు కనబడితే టేపు లేచింది. బర్ప్ కొట్టినప్పుడు బీడ్ కదలికకు అంచు దగ్గర టేపు ముడుచుకోవడం దీనికి మామూలు కారణం. మన చక్రానికి జరిగింది అదే.

లేచిన టేపును కొండ మీద అతికించలేం. తడి సీలెంట్ మీద ఏ జిగురూ పట్టదు. దారి కొద్దిగానే మిగిలి ఉంటే అరగంటకోసారి గాలి కొట్టుకుంటూ దిగడం మంచి నిర్ణయమే. అర గంటకు నాలుగు పీఎస్‌ఐ పోతుంటే పొట్టంగి రోడ్డు చేరేలోపు రెండుసార్లు ఆగితే సరిపోతుంది. పది నిమిషాలకే అంత పోతుంటే ట్యూబు వేయక తప్పదు. ట్యూబు వేసే ముందు లోపల టైరంతా గుడ్డ ముక్కతో తడమాలి, వట్టి చేత్తో కాదు. ట్యూబ్‌లెస్ టైరులో రోజుల తరబడి మూసుకుపోయిన ముళ్ల కొసలు ఎన్నో లోపలికి పొడుచుకుని ఉంటాయి. ఇన్నాళ్లూ సీలెంట్ వాటిని మోసింది, ట్యూబు ఒక్క నిమిషం కూడా మోయదు. గోడ చీలి ఉంటే ట్యూబు ఉబ్బి బయటికి రాకుండా ఖాళీ నూనె ప్యాకెట్టు మడిచి లోపల పెట్టాలి.

ఇంటికి చేరాక పాత టేపు మొత్తం తీసి, రిమ్ము బోలులోకి చేరిన సీలెంట్‌ను వాల్వు రంధ్రం గుండా కార్చి, కడిగి, ఒక రాత్రంతా ఆరబెట్టాలి. తడి మీద వేసిన కొత్త టేపు వారంలో లేస్తుంది. కొత్త టేపు చుట్టాక వెంటనే సీలెంట్ పోయకుండా ట్యూబు పెట్టి, 30 పీఎస్‌ఐ గాలితో రాత్రంతా వదిలేస్తే ట్యూబు టేపును కాలువలోకి, అంచుల మీదికి సమంగా అదుముతుంది. మర్నాడు ఒక పక్క బీడ్ మాత్రమే విప్పి ట్యూబు లాగి, వాల్వు పెట్టాలి. రెండో పక్క బీడ్ అప్పటికే కూర్చుని ఉంటుంది కాబట్టి, మూయాల్సిన సందు సగమే మిగులుతుంది. చాలాసార్లు కంప్రెసరు షాపు దాకా పోకుండా ఇంట్లో ఉన్న కాలిపంపుతోనే ఆ పక్క కూడా టప్ మని కూర్చుంటుంది.